కాంట్రాక్టరు ఒప్పందం చదవడం – 4వ పాఠం: ఐదో షరతులో దాగిన ఉద్యోగం

గత పాఠంలో పని వివరం ఎలా రాయాలో చూశాం. ఈసారి ఒక నమూనా ఒప్పందం తీసుకుందాం. విజయవాడలోని డిజైనరుకు హైదరాబాదు కంపెనీ పంపిందనుకోండి. ఫీజు నెలకు 60,000 రూపాయలు. రెండో షరతు: "ఇరుపక్షాల మధ్య యజమాని, ఉద్యోగి సంబంధం లేదు." చాలామంది ఇది చదివి నిశ్చింతగా సంతకం పెట్టేస్తారు. మీరు ఐదో షరతు దాకా వెళ్లండి.

"కాంట్రాక్టరు ఉదయం 9.30 నుంచి సాయంత్రం 6.30 వరకు, కంపెనీ లాప్‌టాప్‌పై, మేనేజరు సూచనల ప్రకారం పనిచేయాలి. అనుమతి లేకుండా ఇతరుల పని చేపట్టరాదు."

ఇది ఉద్యోగమే. పీఎఫ్, సెలవులు మాత్రం లేవు. వివాదం వస్తే కోర్టు కాగితం మీది పేరు దగ్గర ఆగదు, పని జరిగే తీరు చూస్తుంది. 1973లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసు మన ప్రాంతానిదే. అక్కడి దర్జీలకు కుట్టిన బట్టల లెక్కన కూలి ఇచ్చేవారు, రాకపోకలకు కచ్చితమైన వేళలు లేవు. అయినా కుట్టుమిషన్లు దుకాణానివి. పని నచ్చకపోతే మళ్లీ కుట్టమనే అధికారం యజమానిది. అందుకే వారు ఉద్యోగులేనని కోర్టు తేల్చింది. ఏ ఒక్క గుర్తుతోనూ విషయం తేలదు, అన్నీ కలిపి చూడాలి.

ఐదో షరతును ఇలా మార్చమని అడగండి: "ఆమోదించిన జాబితాలోని డిజైన్లను ప్రతి నెలా 25వ తేదీలోగా అప్పగించాలి. వేళలు, పరికరాలు, పద్ధతి కాంట్రాక్టరు ఇష్టం. ఇతరుల పని చేపట్టవచ్చు." మాటలు మార్చి హాజరు మాత్రం తీసుకుంటూ పోతే ఫలితం లేదు. కంపెనీకి మీ వేళలే కావాలంటే నియామక పత్రం అడగడమే న్యాయం.

ఇక పన్ను. "పన్నులన్నీ కాంట్రాక్టరువే" అన్న వాక్యం చాలదు. వృత్తి సేవగా లెక్కిస్తే 10 శాతం టీడీఎస్, అంటే 6,000 పోయి 54,000 చేతికొస్తుంది. ఆ 6,000 మీ పాన్ కింద జమైందో లేదో ఫారం 26ఏఎస్‌లో చూసుకోవాలి. రిటర్ను వేసేటప్పుడు అది మీ పన్నులో సర్దుబాటవుతుంది. "జీఎస్‌టీ వర్తిస్తే ఫీజుకు అదనం" అని కూడా రాయించండి. అందరు ఖాతాదారుల నుంచి వచ్చే రాబడి కలిపి ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. ఆ మాట లేకపోతే 18 శాతం మీ ఫీజులోంచే పోవచ్చు.

నాకు అన్నిటికన్నా ప్రమాదంగా కనిపించేది తొమ్మిదో షరతు: "కంపెనీకి కలిగే ఏ నష్టాన్నైనా కాంట్రాక్టరు భరించాలి." దీనికి హద్దు పెట్టాలి. గత ఆరు నెలల ఫీజు, అంటే 3,60,000 మించకూడదని అడగండి. మోసానికీ, రహస్య సమాచారం బయటపెట్టడానికీ ఈ హద్దు వర్తించదని కంపెనీ కోరితే ఒప్పుకోవచ్చు.

రద్దు షరతులో కంపెనీ ఏ క్షణమైనా మానుకోవచ్చు, మీరు మాత్రం 60 రోజుల నోటీసు ఇవ్వాలి. ఇద్దరికీ 30 రోజులు చేయించండి. రద్దు రోజు వరకు పూర్తయిన పనికి డబ్బు 15 రోజుల్లో ఇవ్వాలనీ, డిజైన్లపై హక్కులు డబ్బు అందాకే కంపెనీకి చెందుతాయనీ చేర్చండి.

అభ్యాసం: "రద్దు తర్వాత ఏడాది పాటు పోటీ కంపెనీలకు పని చేయరాదు" అన్న షరతును 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్‌తో పోల్చి చదవండి. దాన్ని తీసేయమని కోరుతూ నాలుగు వాక్యాల లేఖ రాయండి. 5వ పాఠంలో ఆ లేఖనే సరిచూద్దాం.