చిన్న వ్యాపారికి ప్రచార పాఠాలు – 3: ఒకే పేజీలో ప్రచార పత్రం

గత పాఠంలో నిరుటి అమ్మకాల లెక్క రాసుకున్నాం. ఈసారి ఆ లెక్క ఆధారంగా, ప్రకటనల రంగంవారు బ్రీఫ్ అని పిలిచే ప్రచార పత్రాన్ని ఒక్క పేజీలో తయారుచేద్దాం. ఉదాహరణకు, ఇంట్లోనే ఆవకాయ పట్టి అమ్మే ఒక గృహిణిని ఊహించుకోండి. నిరుడు ఆమెకు ముందుగా డబ్బు కట్టినవి 20 కుటుంబాలు. సగటున కుటుంబానికి 3 కిలోల చొప్పున 60 కిలోలు.

మొదటి వాక్యం లక్ష్యం. "అమ్మకాలు పెంచాలి" అని రాస్తే, అది నెరవేరిందో లేదో ఎవరూ చెప్పలేరు. కోసిన కాయను నిలవ ఉంచకుండా త్వరగా ముక్కలు కొట్టాలి కనుక, ఎన్ని కాయలు కొనాలో ముందే తెలియడం ఆమెకు అసలు అవసరం. అందువల్ల "ఏప్రిల్ 30 లోపు 150 కిలోలకు సగం డబ్బు ముందుగా తీసుకోవాలి" అని రాసింది.

రెండవది, ఎవరికి చెప్పాలన్నది. ఇక్కడే లక్ష్యానికి పరీక్ష జరుగుతుంది. 150 కిలోలంటే 50 కుటుంబాలు. ఆమె పుస్తకంలో ఉన్న పాత కొనుగోలుదారుల నంబర్లు 120. నిరుడు వారిలో 20 మందే ముందుకు వచ్చినప్పుడు, ఈ ఏడు 50 మంది వస్తారనుకోవడం ఆశే తప్ప అంచనా కాదు. ఆమె లక్ష్యాన్ని 105 కిలోలకు, అంటే 35 కుటుంబాలకు తగ్గించింది. ఇలా ఒక భాగం రాసేటప్పుడు వెనుకటి భాగాన్ని దిద్దవలసి రావడం పత్రం సరిగా సాగుతోందనడానికి గుర్తని నా అభిప్రాయం.

మూడవది ఒకే మాట. నువ్వుల నూనె, తగ్గింపు ధర, ఇంటికి పంపడం అన్నీ చెప్పాలనిపిస్తుంది. కానీ చదివినవారికి ఏదీ గుర్తుండదు. కొనేవారు ఎందుకు ఆగుతున్నారో దానికి జవాబు చెప్పే మాటనే ఎంచుకోవాలి. నిరుడు మే నెలలో ఫోన్ చేసినవారికి ఆమె "అయిపోయిందండీ" అని చెప్పవలసి వచ్చింది, కాబట్టి ఆమె మాట ఇది: "ఇప్పుడు చెబితే, మీ పేరు మీద జాడీ పక్కన పెడతాం." నూనె సంగతి అడిగినవారికి చెప్పవచ్చు.

చివరిది కొలత. సందేశం ఎందరు చూశారన్నది కాక, అడిగినవారెందరు, డబ్బు కట్టినవారెందరు అన్న రెండు అంకెలను ప్రతి ఆదివారం రాయాలి. ఏప్రిల్ 15 నాటికి 15 కుటుంబాలు రాకపోతే ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. అడిగినవారే తక్కువైతే సందేశం చేరలేదు, లేదా మాట తాకలేదు. అడిగినవారు ఎక్కువై కట్టినవారు తక్కువైతే ధర గాని, ముందుగా కట్టమన్న సొమ్ము గాని అడ్డుపడుతోందని అనుమానించి, వారిలో నలుగురైదుగురిని నేరుగా అడగాలి.

అభ్యాసం: మీ లక్ష్యాన్ని కుటుంబాల లేదా కొనుగోలుదారుల సంఖ్యలోకి మార్చి, మీ దగ్గరున్న నంబర్లతో పోల్చి, అవసరమైతే దిద్ది రాయండి. వచ్చే పాఠంలో ఆ పత్రం నుంచి వాట్సాప్ సందేశాన్ని రాద్దాం.