పెద్ద అనుభవంతో చిన్న హోదా ఉద్యోగానికి వెళ్లడం ఎలా?

హైదరాబాద్‌లో 16 ఏళ్లు అకౌంట్స్ విభాగంలో పనిచేసి మేనేజరైన ఒకాయన, తల్లిదండ్రులను చూసుకోవడానికి విజయవాడ వచ్చేశారనుకుందాం. అక్కడ మందుల పంపిణీ చేసే ఒక సంస్థకు సీనియర్ అకౌంటెంట్ కావాలి. వాళ్లు అడిగింది ఐదేళ్ల అనుభవం. ఇంటర్వ్యూ చేసేది ఈయనకంటే వయసులో చిన్నవాడైన అకౌంట్స్ మేనేజరు.

1. ముందుగా అవతలివారి అనుమానాలు ఊహించండి

ఈయన ఆరు నెలల్లో ఇంకెక్కడికో వెళ్లిపోతాడేమో. జీతం దగ్గర పేచీ పెడతాడేమో. బిల్లులు ఎంట్రీ చేయమంటే నామోషీ పడతాడేమో. ఇవి మూడూ ఏదో ఒక రూపంలో ప్రశ్నలుగా వస్తాయి. నాలుగోది మాత్రం ఎవరూ పైకి అనరు: రేపు యజమాని నన్ను తీసేసి ఈయన్ని నా కుర్చీలో కూర్చోబెడితే? మొదటి మూడింటికీ మాటతో జవాబు చెప్పవచ్చు. నాలుగోదానికి మీ నడవడికే జవాబు చెప్పాలి.

2. రెజ్యూమేను కుదించండి, దాచకండి

కొందరు ‘మేనేజర్’ అన్న హోదాను కొట్టేసి ‘అకౌంటెంట్’ అని రాసుకోమని సలహా ఇస్తారు. వినకండి. పాత సంస్థ ఇచ్చిన రిలీవింగ్ లెటర్‌లో హోదా ఉంటుంది. పీఎఫ్ ఖాతా ఉంటే, యూఏఎన్ సర్వీస్ హిస్టరీలో ఏ సంస్థలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో కనిపిస్తుంది. అబద్ధం బయటపడితే అర్హత ఎక్కువైందన్న మాట పోయి, నమ్మకం లేదన్న మాట మిగులుతుంది.

హోదా, తేదీలు ఉన్నవి ఉన్నట్టే ఉంచి, కింది వివరాల క్రమం మార్చండి. ‘12 మంది బృందానికి నాయకత్వం’ అన్న వాక్యాన్ని చివరికి పంపండి. ‘ప్రతి నెలా కొనుగోళ్ల రిజిస్టరును జీఎస్‌టీఆర్-2బీతో సరిచూడడం, 3బీ దాఖలు, బ్యాంకు రీకన్సిలియేషన్’ అన్నది పైకి తీసుకురండి. 2బీ అంటే సరఫరాదారులు చూపిన బిల్లులతో జీఎస్‌టీ పోర్టల్ నెలనెలా ఇచ్చే పట్టిక, 3బీ అంటే సంస్థ వేసే జీఎస్‌టీ రిటర్ను. అయితే ఇవి మీరు ఈమధ్య స్వయంగా చేసిన పనులై ఉండాలి. కొన్నేళ్లుగా సంతకాలు మాత్రమే పెడుతూ ఉంటే, ఇంటర్వ్యూకు ముందే ట్యాలీ తెరిచి చేయి తిప్పుకోండి. మేనేజరు స్థాయి వాళ్లు బోల్తా పడేది సాధారణంగా ఇక్కడే.

3. జీతం సంగతి మొదటి ఫోనులోనే తేల్చేయండి

‘మీ ప్రకటనలో చెప్పిన జీతం చూసే దరఖాస్తు చేశాను. ఆ పరిధిలో నాకు సమ్మతమే’ అంటే చాలు. ప్రకటనలో అంకె లేకపోతే, ఈ పోస్టుకు ఎంత అనుకున్నారో మీరే అడగండి. పాత జీతం అడిగితే నిజం చెప్పి, ‘అది హైదరాబాద్‌లో వేరే బాధ్యతకు ఇచ్చింది’ అని ఒక్క వాక్యం జోడించండి. ‘ఎంతిచ్చినా సరేనండీ’ అని మాత్రం అనవద్దు. వినేవారికి అందులో వినయం కనిపించదు, ఇబ్బందే కనిపిస్తుంది. పైగా ఇంత తగ్గినవాడు ఇంకెక్కడైనా కాస్త ఎక్కువిస్తే వెళ్లిపోతాడన్న మొదటి అనుమానం బలపడుతుంది.

4. కారణం చిన్నగా, సరిచూసుకోగలిగేలా చెప్పండి

‘మీకు ఇది చిన్న ఉద్యోగం కదండీ?’ అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఒక మంచి జవాబు:

‘అమ్మానాన్నల కోసం ఇక్కడికి వచ్చేశాం. పిల్లలను ఇక్కడి బడిలోనే చేర్చాం. నాకు లెక్కలు స్వయంగా చూసే పని ఇష్టం. మేనేజరయ్యాక అది తగ్గిపోయింది.’

ఇందులో ఇల్లు మారడం, బడి అనేవి కంటికి కనిపించే ఆధారాలు. మీ విషయంలో నిజమైనవే చెప్పండి. అనారోగ్యాలు, అప్పులు, పాత యాజమాన్యం చేసిన అన్యాయం ఏకరువు పెట్టకండి. మూడు వాక్యాలు దాటితే సంజాయిషీలా వినిపిస్తుంది.

5. ఇంటర్వ్యూలో ఆడిటర్‌గా మారకండి

మేనేజరు మాటల మధ్యలో, ‘సరఫరాదారుల బిల్లులు కొన్ని 2బీలో కనిపించక ప్రతి నెలా తలనొప్పి’ అన్నాడనుకోండి. ‘మీ పద్ధతే తప్పు, మా దగ్గరైతే...’ అని మొదలుపెట్టారంటే నాలుగో భయాన్ని మీరే నిద్రలేపినట్టు. దానికి బదులు అడగండి: ‘ఆ బిల్లుల జాబితా ఇప్పుడు ఎవరు తయారుచేస్తున్నారండీ? 14వ తేదీన 2బీ వచ్చాక 20లోపు 3బీ వేయాలి కాబట్టి, సరఫరాదారులకు ఫోన్లు చేసే పని నాకు అప్పగిస్తారా?’ పని తెలుసని అర్థమవుతుంది, నిర్ణయం ఆయన చేతిలోనే ఉంటుంది. వయసులో చిన్నవాడైనా ‘మీరు’ అనే అనండి. ‘మా రోజుల్లో’ అన్న మాట రానివ్వకండి.

యజమాని కూడా అక్కడే ఉంటే జవాబులన్నీ ఆయన వైపు తిరిగి చెప్పకండి. రోజూ మీతో పని చేయించుకునేది మేనేజరే.

6. తర్వాత ఒక్కసారే గుర్తుచేయండి

చెప్పిన గడువు దాటాక, ‘ఫలానా రోజు కలిశాను. వచ్చే నెల 1 నుంచి చేరగలను. మీ నిర్ణయం తెలియజేయగలరు’ అని ఒక సందేశం పంపండి. అయినా ‘మీ స్థాయికి ఇది సరిపోదు’ అంటే వాదించవద్దు. చిన్న జట్టులో అలాంటి మేనేజరు కింద నెగ్గుకురావడం కష్టం. పెద్ద పోస్టు ఖాళీ అయినప్పుడు కబురు చేయమని చెప్పి, నంబరు ఇచ్చి వచ్చేయండి.