వానల్లో గ్రానైట్ లోడు: చీమకుర్తి నుంచి కృష్ణపట్నం వెళ్లే బండ్లకు జాగ్రత్తలు

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈశాన్య రుతుపవనాల వానలే వానలు. ఆ రోజుల్లో రాయి వేసుకుని హైవే మీదికి వచ్చే పది టైర్ల లారీ గురించే ఇక్కడ రాస్తున్నాను. బస్తాల లోడుతో ఇబ్బంది వస్తే పది బస్తాలు దించి పంపొచ్చు. గ్రానైట్ బ్లాకును సగం దించలేరు కదా!

పది టైర్ల లారీకి లోడుతో కలిపి చట్టం ఒప్పుకునే బరువు 28.5 టన్నులు. 2018లో పెంచకముందు అది 25 టన్నులే ఉండేది. వెనక జంట ఇరుసులు రెంటికీ కలిపి 21 టన్నులు. అయితే మీ బండికి లెక్క ఆర్సీలో రాసి ఉన్నదే. పాత బండి ఆర్సీలో పాత అంకె ఉంటే దాన్నే పాటించాలి.

మొదటి తప్పు క్వారీలోనే జరుగుతుంది. గెలాక్సీ రాయి క్యూబిక్ మీటరుకు దాదాపు 3 టన్నులు తూగుతుంది. బ్లాకు 2.5, 1.6, 1.5 మీటర్లని కాగితంలో ఉంటే 6 క్యూబిక్ మీటర్లు, అంటే 18 టన్నులు. పది టన్నుల ఖాళీ బండికి కలిపితే 28, సరిపోయిందనుకుంటాం. కానీ అది కొనేవాళ్లకు అంచులు తీసేసి ఇచ్చిన కొలత. అసలు రాయి 2.6, 1.7, 1.6 ఉందనుకోండి, ఏడు క్యూబిక్ మీటర్లు దాటి 21 టన్నులవుతుంది. బండి 31 టన్నులకు పోతుంది. అందుకే టేపు మీరే పట్టుకుని, ఎగుడుదిగుడు అంచులతో సహా కొలవండి.

రెండోది, మొత్తం బరువు సరిగ్గా ఉన్నా ఇరుసు బరువు తప్పొచ్చు. నిజంగా 18 టన్నులే ఉన్న రాయిని తీసుకుందాం. ఖాళీ బండి ముందు ఇరుసు మీద 4.5, వెనక 5.5 టన్నులు; ముందు ఇరుసు నుంచి వెనక జంట ఇరుసుల మధ్యకు దూరం 5.5 మీటర్లు అనుకోండి. రాయి బరువు మధ్య భాగం సరిగ్గా వెనక ఇరుసుల నడిమి మీద పడితే 18 టన్నులూ అక్కడికే పోయి 23.5 అవుతుంది. కాటా చీటీలో 28 అనే ఉంటుంది, రెండున్నర టన్నులు మాత్రం వెనక ఎక్కువ. రాయిని ముప్పావు మీటరు ముందుకు జరిపితే రెండున్నర టన్నులు ముందుకు వెళ్లి 7, 21 గా సర్దుకుంటుంది. ఇంకో పావు మీటరు జరిపితే ముందు ఇరుసు ఎనిమిదికి దగ్గరపడి స్టీరింగ్ బరువెక్కుతుంది. క్రేన్ వాడు తొందరపెట్టినా ఇక్కడ తొందరపడకూడదు.

కాటా మీద దీన్ని తేల్చడం చాలా తేలిక. ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒకసారి తూకం వేయించండి, తర్వాత మొత్తం బండి వేయించండి. రెండో అంకెలోంచి మొదటిది తీసేస్తే వెనక బరువు వస్తుంది. బండి నేల సమంగా ఉన్నచోటే నిలబడాలి.

ఓవర్‌లోడు జరిమానా 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000. ఆపి తూకం వేయించుకోకుండా పోతే 40,000. దీనికన్నా నొప్పి ఇంకొకటి ఉంది. అదనపు బరువు దించేదాకా బండి కదలనివ్వరు. రాయి కాబట్టి వానలో నిలబడి క్రేను, ఇంకో బండి కోసం ఎదురుచూడాలి. రెండు బాడుగలూ మీ మీదే.

ఇక స్పీడు. నాలుగు లేన్ల డివైడర్ రోడ్డు మీద కారుకు 100, సరుకు బండికి 80. ఊళ్లోనూ, మిగతా రోడ్ల మీదా సరుకు బండికి 60. తక్కువ ఎందుకంటే, 100లో పోయే మామూలు కారును ఆపడానికి బ్రేకులు మింగాల్సిన వేడికి, 80లో పోయే 28 టన్నుల బండిది పదిహేను రెట్లు. గాలి బ్రేకు కూడా తొక్కిన క్షణం తర్వాతే పట్టుకుంటుంది. స్పీడు 60 నుంచి 80కి పెరిగితే ఆ వేడి దాదాపు 1.8 రెట్లవుతుంది. తడి రోడ్డు మీద టైరు పట్టు తగ్గుతుంది కాబట్టి వానలో 80ని మరచిపోండి, 60 కూడా ఎక్కువే కావచ్చు. స్పీడ్ గవర్నర్ సీలు తెంపించి తిరిగేవాళ్లకు ఈ రోజుల్లోనే అసలు సంగతి తెలుస్తుంది.

గట్టిగా బ్రేకు వేస్తే తడిసిన ఇనుప ట్రాలీ మీద రాయి ముందుకు, అంటే కేబిన్ వైపుకే జారుతుంది. కింద చెక్క దుంగలు, ముందు అడ్డు చెక్కలు, చైన్లు ఉన్నా ఒంగోలు దాటే లోపు ఒకసారి ఆపి చైన్లు బిగించి చూడండి. వానకు చెక్క జారుతుంది, చైను వదులవుతుంది.

నెల్లూరు, ఒంగోలు ఊళ్లోకి రావాల్సి వస్తే పెద్ద బండ్లకు కొన్ని గంటల్లో ప్రవేశం ఉండదు. స్కూళ్లు, ఆఫీసుల వేళలే ఎక్కువగా ఉంటాయి, పండగలకు మారుతుంటాయి. పాత డ్రైవర్ చెప్పిన టైమ్ నమ్మొద్దు. ఊరి మొదట బోర్డు చూడండి, లేకపోతే ట్రాఫిక్ పోలీసులను అడగండి. పోర్టుకే అయితే హైవే వదలకుండా పోవడమే మేలు. ఆగాల్సి వస్తే లోడు బండిని తడి మట్టి మార్జిన్‌లో దింపకండి, ఒక పక్క చక్రాలు దిగబడితే 28 టన్నులు అటే ఒరుగుతాయి.