‘కనీసం’ అని కనిపిస్తే ముందు కేసులు లెక్కపెట్టండి

కోఠిలో కొన్న పాత ఇంటర్ మ్యాథ్స్ పేపర్లు తిరగేస్తే కమిటీ లెక్క అంకెలు మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తుంటుంది. కేసులన్నీ రాసేసరికే టైమ్ అయిపోతుంది. అందుకే మొదలుపెట్టే ముందు అడిగినదానికి నేరుగా ఎన్ని కేసులో, దాని వ్యతిరేకానికి ఎన్ని కేసులో చూసుకోండి, తక్కువున్న దారే పట్టండి.

7 మంది పురుషులు, 4 స్త్రీలలో ఐదుగురి కమిటీ, కనీసం ఒక స్త్రీ ఉండాలి. నేరుగా చేస్తే 4 కేసులు. వ్యతిరేకం ఒక్కటే, అందరూ పురుషులే. 11C5 − 7C5 = 462 − 21 = 441. అదే ‘కనీసం ముగ్గురు స్త్రీలు’ అంటే నేరుగా రెండే కేసులు: 84 + 7 = 91.

ఒక్క జాగ్రత్త. అబ్బాయిలను, అమ్మాయిలను ఒకే వరసలో నిలబెట్టే లెక్కలో, ముగ్గురమ్మాయిల్లో ‘ఏ ఇద్దరూ పక్కపక్కన ఉండకూడదు’ అంటే, మొత్తంలోంచి ‘ముగ్గురూ కలిసి ఉన్నవి’ తీసేస్తే సరిపోదు, ఇద్దరే పక్కపక్కన ఉన్నవి మిగిలిపోతాయి. అక్కడ ముందు అబ్బాయిలను నిలబెట్టి, మధ్యలో, చివర్లలో ఉన్న ఖాళీల్లో అమ్మాయిలను పెట్టాలి.