రిపోర్టు చదవడం నేర్చుకుందాం – 7వ పాఠం: నొప్పి లేదు, యూరిక్ యాసిడ్ మాత్రం 8.2

పోయిన పాఠంలో క్రియాటినిన్ చూశాం. చాలా రిపోర్టుల్లో దానికి ఒకటి రెండు వరుసల కిందే యూరిక్ యాసిడ్ ఉంటుంది. డాక్టరు రాయకపోయినా హెల్త్ చెకప్ ప్యాకేజీతో పాటు వచ్చేస్తుంది. పక్కన ఎర్ర అక్షరాల్లో "హై" అని కనిపించగానే కాలి బొటనవేలు ఒకసారి నొక్కి చూసుకుంటాం. నొప్పి లేదు. అప్పుడు మొదలవుతుంది అసలు టెన్షన్: పప్పు మానాలా, మాత్ర వేసుకోవాలా?

ఈ పాఠానికి ఒక రిపోర్టు ముందు పెట్టుకుందాం. కల్పించిందే, కానీ ఇలాంటివి రోజూ వస్తుంటాయి. మగమనిషి, వయసు 46. యూరిక్ యాసిడ్ డెసిలీటరుకు 8.2 మిల్లీగ్రాములు. క్రియాటినిన్ 1.0. కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే ఈజీఎఫ్ఆర్ 94. షుగర్ మామూలుగానే ఉంది, ట్రైగ్లిజరైడ్లు కాస్త ఎక్కువ. రెండేళ్లుగా బీపీ మాత్ర వాడుతున్నాడు. కీళ్లనొప్పి ఎప్పుడూ లేదు, కిడ్నీలో రాయీ రాలేదు.

ముందు ఆ అంకె సంగతి. మన కణాలు పాతబడి విరిగినప్పుడు వాటిలోని ప్యూరిన్లు అనే పదార్థాలు చివరికి యూరిక్ యాసిడ్‌గా మారతాయి. తిండి నుంచీ కొంత వస్తుంది, కానీ ఎక్కువ భాగం మన ఒంట్లో తయారైనదే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తిండి దగ్గరికి వెళ్లాక పనికొస్తుంది. తయారైన దాంట్లో దాదాపు మూడింట రెండు వంతులు కిడ్నీల ద్వారా, మిగతాది పేగుల ద్వారా పోతుంది. రక్తంలో పెరిగిందంటే చాలామందిలో కారణం ఎక్కువ తయారవడం కాదు, కిడ్నీలు తక్కువ బయటికి పంపడం.

గ్లాసు నీళ్లలో చక్కెర కలుపుతూ పోతే ఒక దశలో కరగక అడుగున నిలుస్తుంది కదా. ఒంటి వేడి దగ్గర యూరిక్ యాసిడ్ లవణానికి ఆ గీత సుమారు 6.8. అది దాటితే స్ఫటికాలు కట్టే అవకాశం ఉంటుంది. అవకాశమే, కట్టి తీరుతుందని కాదు. రిపోర్టులో మగవాళ్లకు 7 దగ్గర, ఆడవాళ్లకు 6 దగ్గర రాసే గీత వేరు. అది మామూలు జనంలో ఎక్కువమందికి ఎంత ఉంటుందో చూసి గీసింది. నెలసరి ఆగేదాకా ఈస్ట్రోజెన్ వల్ల ఆడవాళ్ల కిడ్నీలు దీన్ని బాగా బయటికి పంపుతాయి, అందుకే వాళ్ల గీత కిందికి ఉంటుంది. కాబట్టి 6.3 ఉన్న ఒకావిడ రిపోర్టులో ఎర్ర అక్షరం కనిపించినా, స్ఫటికం కట్టే గీతను ఆవిడ ఇంకా దాటనే లేదు.

మన మనిషి మాత్రం దాటాడు. అయితే ఆ స్ఫటికాలు కీళ్లలో చేరి వాపు, నొప్పి తెచ్చే గౌట్ అనే జబ్బు వస్తుందా? అమెరికాలో నార్మేటివ్ ఏజింగ్ స్టడీ పేరుతో సుమారు రెండు వేల మంది మగవాళ్లను ఏళ్ల తరబడి గమనించి, 1987లో లెక్కలు ప్రచురించారు. యూరిక్ యాసిడ్ 7కీ 9కీ మధ్య ఉన్నవాళ్లలో ఏడాదికి వెయ్యిమందిలో సుమారు 5 మందికి గౌట్ వచ్చింది. 9, ఆపైన ఉన్నవాళ్లలో ఏడాదికి వెయ్యికి సుమారు 49 మందికి. అంటే 8.2కీ 9.5కీ మధ్య తేడా చూడ్డానికి చిన్నదే గానీ, రిస్కు మాత్రం పదింతలు. అలాగని 9 పైన ఉన్నవాళ్లకైనా అందరికీ రాలేదు. అయిదేళ్లు గడిచాక చూసినా దాదాపు నలుగురిలో ముగ్గురికిపైగా గౌట్ లేకుండానే ఉన్నారు.

ఇక రిపోర్టు చదవడంలో మొదటి మెట్టు: ఆ అంకె నిజమా? యూరిక్ యాసిడ్ రోజుకో రకంగా ఊగుతుంది. మన మనిషిని అడిగితే, టెస్టుకు ముందురోజు రాత్రి పార్టీలో నాలుగు బీర్లు తాగానన్నాడు. బీరులో ప్యూరిన్లు ఉంటాయి, పైగా ఆల్కహాల్ వల్ల కిడ్నీ యూరిక్ యాసిడ్‌ను ఆపేసుకుంటుంది. ఒళ్లు హూనమయ్యేలా వ్యాయామం చేసినా, నీళ్లు తాగకపోయినా, రోజంతా ఉపవాసం ఉన్నా ఇదే జరుగుతుంది. ఉపవాసంలో పుట్టే కీటోన్లు, యూరిక్ యాసిడ్ బయటికి పోవాల్సిన దారికి అడ్డం పడతాయి. "యూరిక్ యాసిడ్ తగ్గించుకుందామని వారం రోజులు కడుపు మాడ్చుకున్నాను, ఇంకా పెరిగింది" అనేవాళ్లు ఉంటారు. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు.

అందుకని రెండు మూడు వారాలాగి, మామూలుగా తింటూ, నీళ్లు తాగుతూ, ముందు రెండు రోజులు మద్యం ముట్టకుండా, అదే ల్యాబులో మళ్లీ చేయించాలి. మన మనిషికి ఈసారి 7.7 వచ్చింది. తగ్గింది గానీ గీత మీదే ఉంది, కాబట్టి పెరుగుదల నిజమే.

రెండో మెట్టు: మందుల డబ్బా తెరవడం. నా లెక్కలో ఈ పాఠం మొత్తానికి ముఖ్యమైన మెట్టు ఇదే, జనం దాటేసేదీ ఇదే. మాత్ర అట్ట వెనక పెద్ద అక్షరాల్లో ఉన్న బ్రాండు పేరు వదిలేసి, కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. మన మనిషి అట్ట మీద రెండు మందులున్నాయి: టెల్మిసార్టాన్ 40, హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 మిల్లీగ్రాములు. ఆ రెండోది మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు. అది యూరిక్ యాసిడ్‌ను మాత్రం వెనక్కి లాగుతుంది. క్లోర్‌థాలిడోన్, ఫ్యూరోసెమైడ్‌లదీ అదే దారి. టీబీకి వాడే పైరజినమైడ్ అయితే బాగా పెంచేస్తుంది, కోర్సు అయిపోయాక దానంతట అదే దిగుతుంది. గుండె కోసం రోజూ వేసుకునే చిన్న మోతాదు ఆస్పిరిన్ కూడా కాస్త పెంచుతుంది.

ఇది చదివి ఏ మాత్రా మీ అంతట మీరు ఆపకండి. ముఖ్యంగా గుండె కోసం ఇచ్చిన ఆస్పిరిన్. దాని వల్ల పెరిగే కాస్త యూరిక్ యాసిడ్ కన్నా, అది ఆపితే వచ్చే ముప్పు చాలా పెద్దది. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు అడగాల్సిన మాట ఒక్కటే: "ఈ బీపీ మాత్రకు బదులు వేరేది కుదురుతుందా?" లోసార్టాన్ అనే బీపీ మందు యూరిక్ యాసిడ్‌ను కొద్దిగా తగ్గిస్తుంది. మన మనిషికి డాక్టరు పాత మాత్ర ఆపి లోసార్టాన్, ఆమ్లోడిపిన్ రాశారు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకో, కాళ్లవాపు ఉన్నవాళ్లకో ఇలా మార్చడం కుదరకపోవచ్చు.

మూడో మెట్టు పక్క వరుసలు. క్రియాటినిన్ ఎక్కువుంటే కథ తిరగబడుతుంది: కిడ్నీ నెమ్మదించినందుకే యూరిక్ యాసిడ్ పెరిగి ఉండొచ్చు, అప్పుడు చూడాల్సింది కిడ్నీని. మన రిపోర్టులో క్రియాటినిన్ 1.0, ఈజీఎఫ్ఆర్ 94 ఉన్నాయి కాబట్టి ఆ భయం లేదు. ట్రైగ్లిజరైడ్లు, బీపీ, పొట్ట చుట్టుకొలత మాత్రం ఒకే జట్టు. ఇన్సులిన్ సరిగా పనిచేయని ఒంట్లో కిడ్నీ యూరిక్ యాసిడ్‌ను కూడా పట్టి ఉంచుతుంది. అందుకే నేను ఈ అంకెను గౌట్ గంటలా కన్నా, షుగర్, బీపీల వైపు చూపించే వేలులా చదువుతాను.

తిండి సంగతి. మా బాబాయి యూరిక్ యాసిడ్ ఎక్కువని రెండేళ్లు పప్పు, పాలకూర, టమాటా ముట్టలేదు. సాయంత్రం కూల్‌డ్రింక్ మాత్రం మానలేదు. అంకె కదల్లేదు, కండ మాత్రం తగ్గింది. పప్పుల్లో, ఆకుకూరల్లో ప్యూరిన్లు ఉన్నమాట నిజమే, కానీ అవి తినేవాళ్లకు గౌట్ ఎక్కువ వస్తుందని పెద్ద అధ్యయనాల్లో తేలలేదు. లివర్, కిడ్నీ లాంటి మాంసాలు, కొన్ని చేపలు, రొయ్యలు, బీరు, తీపి డ్రింకులు, వీటి దగ్గరే చెయ్యి వెనక్కి తీసుకోవాలి. తీపి డ్రింకులో ప్యూరిన్ లేదు కదా అనొద్దు. అందులోని ఫ్రక్టోజ్‌ను లివర్ హడావిడిగా అరిగించేటప్పుడు యూరిక్ యాసిడ్ పుడుతుంది. వెన్న తీసిన పాలు, పెరుగు మాత్రం కొద్దిగా తగ్గించే వైపే ఉంటాయి.

ఎంత ఆశించవచ్చు? తిండి ఒక్కటే మారిస్తే మహా అయితే ఒక పాయింటు. ఎక్కువ భాగం ఒంట్లోనే తయారవుతుందని మొదట చెప్పింది ఇందుకే. 9.5ను తిండితో 6కు దించుతామనుకుంటే నిరాశే. బరువు తగ్గడం బాగా పనిచేస్తుంది, నెమ్మదిగా తగ్గితేనే. మన మనిషి తీపి డ్రింకులు మానేశాడు, బీరు నెలకోసారికి దించాడు, మూడు నెలల్లో 4 కిలోలు తగ్గాడు. మారిన బీపీ మాత్రతో కలిపి అంకె 6.7కు వచ్చింది.

మరి యూరిక్ యాసిడ్ మాత్ర? అల్లోప్యూరినాల్, ఫెబుక్సోస్టాట్ అంకెను దించుతాయి, అందులో అనుమానం లేదు. ప్రశ్న ఏంటంటే, నొప్పే లేనివాళ్లకు దాని వల్ల ఏం ఒరుగుతుంది? అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2020 మార్గదర్శకాల్లో ఉన్న లెక్క ఇది: ఒక్కరికి గౌట్ రాకుండా ఆపాలంటే 24 మంది మూడేళ్లపాటు రోజూ మాత్ర వేసుకోవాలి. అందుకే లక్షణాలు లేనివాళ్లకు మొదలుపెట్టొద్దనే వాళ్ల సూచన. కిడ్నీని కాపాడుతుందేమోనని 2020లో వచ్చిన రెండు పెద్ద ట్రయల్స్‌లో అల్లోప్యూరినాల్ ఇచ్చి చూశారు, కిడ్నీ దెబ్బతినే వేగం తగ్గలేదు. గుండెజబ్బు ఉన్నవాళ్లలో చేసిన ఆల్-హార్ట్ ట్రయల్‌లోనూ ఉపయోగం కనపడలేదు. అయితే అన్ని దేశాల డాక్టర్లదీ ఒకే మాట కాదు. జపాన్‌లో 8 దాటి, కిడ్నీ, బీపీ లాంటి సమస్యలు తోడుంటే మాత్ర గురించి ఆలోచిస్తారు.

ఇంకో చిక్కుంది. అల్లోప్యూరినాల్ అరుదుగా కొందరికి ప్రాణం మీదికి తెచ్చే చర్మపు రియాక్షన్ ఇస్తుంది, చాలావరకు మొదటి రెండు మూడు నెలల్లోనే. దద్దురు, జ్వరం, నోట్లో పుండ్లు కనిపిస్తే అదే రోజు మాత్ర ఆపి డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే. ఇంకొకటి వింటే నవ్వొస్తుంది: కొందరి కీళ్లలో స్ఫటికాలు నొప్పి లేకుండా పడి ఉంటాయి. మాత్రతో అంకె ఒక్కసారిగా పడిపోతే అవి కదిలి, అప్పటిదాకా లేని నొప్పి అప్పుడే మొదలవుతుంది.

నొప్పి లేకపోయినా మాత్ర గురించి డాక్టరుతో గట్టిగా మాట్లాడాల్సిన వాళ్లున్నారు. యూరిక్ యాసిడ్ రాళ్లు వచ్చినవాళ్లు, కొన్నిరకాల క్యాన్సర్లకు కీమో మొదలుపెట్టబోతున్నవాళ్లు, అంకె మరీ పైకి, మగవాళ్లలో 13, ఆడవాళ్లలో 10 దాటి, నిలిచిపోయినవాళ్లు. కీమోలో కణాలు ఒక్కసారిగా విరిగి యూరిక్ యాసిడ్ వరదలా వస్తుంది, అక్కడ ముందుజాగ్రత్త తప్పదు.

మన మనిషికి మాత్ర రాయలేదు. ఆరునెలలకోసారి యూరిక్ యాసిడ్‌తో పాటు క్రియాటినిన్, షుగర్ చూసుకోమన్నారు. ఎప్పుడైనా అర్ధరాత్రి ఒక కీలు ఎర్రగా ఉబ్బి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి వస్తే వెంటనే రమ్మన్నారు. ఆ రోజు యూరిక్ యాసిడ్ మామూలుగా వచ్చినా గౌట్ కాదని కొట్టెయ్యకూడదు, దాడి సమయంలో అంకె తాత్కాలికంగా దిగొచ్చు.

ఈసారి అభ్యాసం: ఆవిడ వయసు 58, నొప్పుల్లేవు. యూరిక్ యాసిడ్ 8.9, మూడు వారాల తర్వాత 8.8. ఈజీఎఫ్ఆర్ 52. బీపీకి క్లోర్‌థాలిడోన్ 12.5 వాడుతున్నారు. పదేళ్ల కింద కిడ్నీలో రాయి తీశారు, అది ఏ రకమో కాగితం దొరకలేదు. ముందు ఏ వరుస మీద వేలు పెడతారు, డాక్టరును ఏ రెండు ప్రశ్నలు అడుగుతారు? నోటుబుక్కులో రాసిపెట్టుకోండి, 8వ పాఠం దాంతోనే మొదలుపెడదాం.