గెడ్డ నీరు కొలుద్దాం – 3వ భాగం: సున్నా గీత ఎక్కడ?

కిందటి భాగంలో 3 మిల్లీమీటర్ల ఇనుప రేకుకి సరిగ్గా 90 డిగ్రీల V ఆకారపు గంటు కోయించాం, దీన్నే వి-నాచ్ అంటారు. అంచుల్ని ఆకురాయితో అరగదీసి, ఏటవాలు దిగువ వైపు ఉండేలా రేకుని గెడ్డకి అడ్డంగా నిలబెట్టాం. పక్కలా అడుగునా బంకమట్టి, ఇసుక బస్తాలు వేసి బిగించాం. ఇప్పుడు నీరంతా ఆ గంటులోంచే దూకుతోంది. ఇక మిగిలింది స్కేలు పెట్టి చదవడమే. చూడటానికి చిన్న పనే కానీ, ఈ కొలతలో వచ్చే తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడుతుంది. అందుకే ఈ భాగమంతా స్కేలు గురించే.

ముందు సూత్రం చూద్దాం. గంటు మొన నుంచి నీటి మట్టం ఎన్ని సెంటీమీటర్లు పైన ఉందో అది `h`. సెకనుకి ఎన్ని లీటర్లు పారుతున్నాయో అది `Q`.

```
Q = 0.0138 × h^2.5
```

మట్టం 10 సెంటీమీటర్లుంటే సెకనుకి 4.4 లీటర్లు, 12 ఉంటే 6.9, 15 ఉంటే 12, 20 ఉంటే 24.7. మట్టం రెండింతలైతే నీరు దాదాపు ఐదున్నర రెట్లు పెరుగుతుంది. వి-నాచ్ చిన్న ధారల్ని కూడా పట్టుకోగలిగేది ఈ గుణం వల్లే. అయితే ఇదే గుణం తప్పుని కూడా పెంచుతుంది. నిజంగా 10 ఉన్న మట్టాన్ని 11 అని చదివారనుకోండి, లెక్క 4.4 నుంచి 5.5కి పోతుంది. ఒక్క సెంటీమీటరు తేడాకి నాలుగో వంతు నీరు లేనిది ఉన్నట్టు కనిపిస్తుంది. పైగా సున్నా గీతే తప్పు చోట పెడితే ఆ తప్పు ఒక రోజుతో పోదు. మీరు రాసుకునే ప్రతి అంకెలోనూ ఉంటుంది.

మొదటిసారి నేను చేసిన పొరపాటు చెబుతాను. గంటు అంచు వెంబడే రేకు మీద గీతలు గీసుకుని, దూకుతున్న నీరు ఏ గీతని తాకుతుందో చూసి రాసుకున్నాను. నీరు గంటు దగ్గరికి వచ్చేసరికి వేగం అందుకుని కిందికి వంగిపోతుందని అప్పుడు పట్టించుకోలేదు. గట్టు మీద వంగి, కళ్ళు నీటి మట్టానికి తెచ్చి పక్క నుంచి చూస్తే ఆ వంపు స్పష్టంగా కనిపిస్తుంది. వెనక నిలకడగా ఉన్న నీరు 12 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, గంటు దగ్గర పదిన్నరే ఉంటుంది. నా లెక్కలో 6.9 లీటర్లు 5 లీటర్లయ్యాయి. అందుకని స్కేలు ఎప్పుడూ రేకుకి ఎగువన, మీరు అనుకునే గరిష్ఠ మట్టానికి కనీసం నాలుగింతల దూరంలో ఉండాలి. 20 సెంటీమీటర్ల దాకా లేస్తుందనుకుంటే 80 సెంటీమీటర్లు, సులువుకి ఒక మీటరు అనుకోండి. అక్కడ ప్రవాహానికి అడ్డం రాకుండా ఒడ్డు పక్కగా గట్టి గుంజ పాతి, దానికి స్కేలు బిగించాలి.

ఇప్పుడు అసలు చిక్కు. మొన మీటరు దూరంలో ఉంది, స్కేలు ఇక్కడుంది. మొన ఎత్తుని స్కేలు మీదికి తేవడం ఎలా? నీరు తగ్గి, మొన దగ్గర పారడం ఆగిన క్షణాన స్కేలు చూసి అదే సున్నా అనుకోవడం చాలామందికి తట్టే ఉపాయం. అది నమ్మదగ్గది కాదు. నీటికి తలతన్యత ఉంటుంది కాబట్టి మొన కంటే కొన్ని మిల్లీమీటర్లు పైకి ఉబ్బి కూడా జారకుండా నిలబడుతుంది. పైగా ఎంత బాగా అరగదీసినా మొన సూదిలా ఉండదు, కాస్త గుండ్రమవుతుంది. మనకి కావలసింది రెండు అంచుల్నీ కిందికి పొడిగిస్తే కలిసే బిందువు.

దీనికి ఒక గుండ్రటి పైపు చాలు. బయటి వ్యాసం 5 సెంటీమీటర్లున్న, వంగని పైపు ముక్క మీటరుంపావు పొడవున తీసుకోండి. వ్యాసాన్ని పైపు మీద రాసినదాన్ని బట్టి కాకుండా మీరే కొలవండి. గెడ్డని కాసేపు పక్కకి మళ్ళించి, ఒక కొస గంటులో ఆనించి, రెండో కొస గుంజ దాకా చాపండి. 90 డిగ్రీల గంటులో పైపు రెండు అంచులకీ ఆని కూర్చుంటుంది, మొన దాకా దిగదు. పైపు అడుగుకీ అసలు మొనకీ మధ్య ఎడం ఎప్పుడూ వ్యాసంలో 0.207 వంతు. 5 సెంటీమీటర్ల పైపుకి అది 1.04, అంటే దాదాపు ఒక సెంటీమీటరు. పైపు మీద రసమట్టం పెట్టి, గుంజ వైపు కొసని బుడగ నడిమికి వచ్చేదాకా ఎత్తుతూ దించుతూ ఉండండి. రసమట్టాన్ని అటూ ఇటూ తిప్పి పెట్టినా బుడగ నడిమిలోనే ఉండాలి, లేకపోతే రసమట్టంలోనే లోపముంది. సరిపోయాక స్కేలుని జరిపి, దాని 1 సెంటీమీటరు గీత పైపు అడుగుకి ఆనేలా బిగించండి. ఇప్పుడు స్కేలు సున్నా, గంటు మొన ఒకే మట్టంలో ఉన్నట్టు.

నీరు వదిలి, మడుగు నిండి మట్టం నిలకడ పడేదాకా ఆగండి. చిన్న గెడ్డకి ఇది అరగంట కూడా పట్టొచ్చు. ఈలోగా గంటు దగ్గర నిలబడి చూడండి. ధార రేకుని వదిలి ముందుకి దూకాలి, వెనక గాలి ఆడాలి. రేకుని పట్టుకుని కిందికి జారుతుంటే సూత్రం పనిచెయ్యదు. మట్టం 5 సెంటీమీటర్ల కంటే తక్కువున్నప్పుడు తరచూ ఇలాగే అవుతుంది. దిగువ నీరు కూడా మొనకి కనీసం 5 సెంటీమీటర్లు కింద ఉండాలి. గోదావరి డెల్టా పంట బోదెల్లో వి-నాచ్ పెట్టలేకపోవడానికి కారణం ఇదే. అక్కడ నేల చదును, నీరు దూకేంత ఎత్తు దొరకదు.

సున్నా సరిగ్గా కుదిరిందో లేదో పరీక్షించడానికి బక్కెట్టు ఉంది. నీరు సన్నగా పారే రోజు, స్కేలు 6 చూపుతున్నప్పుడు, ధార మొత్తం పడేలా 20 లీటర్ల బక్కెట్టు పెట్టి సెకన్లు లెక్కపెట్టండి. సూత్రం ప్రకారం సెకనుకి 1.2 లీటర్లు, అంటే పదహారున్నర సెకన్లలో నిండాలి. ఐదుసార్లు చేసి సగటు తీసుకోండి. ఒకవేళ 20 సెకన్లు పట్టిందనుకోండి, పారుతున్నది సెకనుకి లీటరే. సూత్రాన్ని వెనక్కి తిప్పితే లీటరుకి సరిపోయే మట్టం 5.55 సెంటీమీటర్లు. అంటే మీ సున్నా దాదాపు నాలుగున్నర మిల్లీమీటర్లు కిందికి జారి ఉంది. కానీ వెంటనే స్కేలు ముట్టుకోకండి. బక్కెట్టు తక్కువ చూపడానికి ధారలో కొంత పక్కకి చిందడం కూడా కారణం కావొచ్చు. అది కాదని తేలాక పైపుతో మళ్ళీ సున్నా చూడండి.

ఇంకొకటి నెలల మీద జరిగేది. వానలకి కొట్టుకొచ్చిన ఇసుక రేకు వెనక మడుగులో పేరుకుంటుంది. మొనకి కింద 40, 45 సెంటీమీటర్ల లోతు ఉండాల్సిన చోట జానెడే మిగిలితే నీరు నిలకడ తప్పి, వేగంతో గంటులోకి దూసుకొస్తుంది. అప్పుడు అదే మట్టానికి ఎక్కువ నీరు పోతుంది, స్కేలు మాత్రం తక్కువే చెబుతుంది. పెద్ద వాన పడ్డ ప్రతిసారీ పారతో మడుగు తోడండి. తోడాక గుంజ కదిలిందేమో పైపుతో ఒకసారి చూసుకోండి.

వచ్చే భాగానికి మీరు చేయవలసింది: వారం రోజులపాటు పొద్దున్నా సాయంత్రం అదే వేళకి మట్టం చదివి, మిల్లీమీటరుతో సహా రాసుకోండి. స్కేలు 12.0 చూపితే రోజుకి దాదాపు 5 లక్షల 94 వేల లీటర్లు, ఎకరం మడిలో దాదాపు 15 సెంటీమీటర్ల లోతు నీరు. ఆ వారం అంకెల్ని పంట అవసరంతో ఎలా పోల్చాలో నాలుగో భాగంలో చూద్దాం.