పెద్దల హెల్త్ ఇన్సూరెన్స్ కరపత్రం: భయపెట్టకుండా, తొందరపెట్టకుండా తిరగరాయడం ఎలా?

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరో, మహబూబ్‌నగర్ బస్టాండులోనో పంచే కరపత్రం ఒకటి తీసుకుందాం. అరవై దాటినవాళ్ల కోసం రాసింది. వాట్సాప్‌లోనూ ఇదే తిరుగుతుంది.

«రేపు మీకు గుండెపోటు వస్తే? ఆపరేషన్ కోసం మీ పిల్లలు ఇల్లు అమ్ముకోవాలా? షుగర్, బీపీ ఉన్నా పర్వాలేదు. ఇవాళ చేరితే వెంటనే 5 లక్షల పూర్తి కవరేజీ. ఇంకా 3 రోజులే!»

అయిదు వాక్యాలున్నా, చదివిన పెద్దమనిషికి పాలసీ గురించి నిజంగా తెలిసింది ఒక్కటే: 5 లక్షలు. తిరగరాసేటప్పుడు మాటలు మెత్తగా మార్చి ఊరుకుంటే సరిపోదు. భయం ఉన్న చోట రూపాయలు, తొందర ఉన్న చోట తేదీలు రావాలి.

1. ముందు పాలసీ కాగితం పక్కన పెట్టుకోండి

ప్రతి పాలసీకి కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ ఉంటుంది. ఏది వర్తిస్తుంది, ఏది వర్తించదు, ఎన్నాళ్లు ఆగాలి అన్నవి అందులో సూటిగా ఉంటాయి. అడిగితే స్థానిక భాషలో కూడా ఇవ్వాలి. కరపత్రంలోని ఒక్కో మాటకూ అందులో ఆధారం వెతకండి, దొరకని మాట కొట్టేయండి.

ఉదాహరణకు మన పాలసీ ఇలా ఉందనుకుందాం. మొత్తం 5 లక్షలు. మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప మరి దేనికీ వర్తించదు. మోకాలి మార్పిడి, కంటి శుక్లం వంటివాటికి 24 నెలలు ఆగాలి. ముందునుంచీ ఉన్న జబ్బులకు 36 నెలలు ఆగాలి. 2024 ఏప్రిల్ నుంచి నిబంధనల ప్రకారం కంపెనీలు పెట్టగల గరిష్ఠ గడువు కూడా అదే. కో-పే, అంటే ప్రతి క్లెయిమ్‌లో పాలసీదారు తన జేబులోంచి కట్టాల్సిన వాటా, 20 శాతం. వీటి ముందు పెట్టి చూస్తే «వెంటనే పూర్తి కవరేజీ» అన్నది శుద్ధ అబద్ధం. పోవాల్సిన మొదటి వాక్యం అదే.

2. బెదిరింపు తీసి లెక్క పెట్టండి

ఇలాంటి వాక్యాలకు ఒక పరీక్ష ఉంది. అందులోంచి భయం తీసేశాక ఏం మిగిలిందో చూడండి. «రేపు గుండెపోటు వస్తే?»లో ఏమీ మిగలదు, కాబట్టి మొత్తం తీసేయాలి. «పిల్లలు ఇల్లు అమ్ముకోవాలా?» ఇంకా చెడ్డది. పాలమూరు వైపు ఎన్నో ఇళ్లలో పిల్లలు బతుకుదెరువుకు ముంబైలోనో హైదరాబాద్‌లోనో ఉంటారు. వాళ్లకు బరువు కాకూడదన్న బాధ పెద్దవాళ్ల మనసులో ముందే ఉంటుంది. ఆ బాధను అమ్మకానికి వాడుకోవడం మర్యాద కాదు. పైగా అలా బాధపడి కొన్న పాలసీని షరతులు చదవకుండానే కొంటారు.

ఆ స్థానంలో నిజమైన ఖర్చు చూపండి. నల్లగొండ పల్లెల్లో మోకాళ్ల నొప్పి అందరికీ తెలిసినదే కాబట్టి ఆ లెక్కే తీసుకోవచ్చు. మోకాలి ఆపరేషన్ బిల్లులో కంపెనీ లెక్కలోకి తీసుకున్న మొత్తం 1,60,000 రూపాయలైతే, 20 శాతం కో-పే కింద 32,000 మీరు కట్టాలి, 1,28,000 కంపెనీ కడుతుంది. కంపెనీ ఒప్పుకోని వస్తువుల ఖర్చు ఏదైనా ఉంటే అదీ మీదే. «కో-పే వర్తిస్తుంది» అని ఓ మూలన రాస్తే ఎవరికీ అర్థం కాదు. 32,000 అని రాస్తే అందరికీ అర్థమవుతుంది.

3. షుగర్, బీపీ వాక్యం మీద ఎక్కువ సేపు కూర్చోండి

«షుగర్, బీపీ ఉన్నా పర్వాలేదు» అన్న మాట ధైర్యం చెప్పినట్టే ఉంటుంది, కానీ నష్టం ఇక్కడే ఎక్కువ. పర్వాలేదన్నారు కదా అని పెద్దవాళ్లు ఫారంలో జబ్బు రాయరు. ఫారం నింపే మనిషి కూడా «లేదు» అని టిక్ పెట్టేస్తాడు. తర్వాత దవాఖానలో చేరినప్పుడు పాత మందుల చీటీ బయటపడుతుంది, జబ్బు దాచారని క్లెయిమ్ తిరస్కరిస్తారు. పాలసీ తెగకుండా 60 నెలలు నడిచాక, మోసం రుజువైతే తప్ప, ఆ కారణంతో ఆపడానికి వీల్లేదు. ఆ అయిదేళ్ల లోపల మాత్రం ప్రమాదం ఉంటుంది.

అందుకని ఆ వాక్యాన్ని ఇలా మార్చండి: «షుగర్, బీపీ ఉన్నవారు దరఖాస్తు చేయవచ్చు. మీరు వాడే మందులన్నీ ఫారంలో రాయించండి. సంతకం చేసే ముందు ఫారం మొత్తం చదివించుకోండి. ఈ జబ్బులకు సంబంధించిన చికిత్సకు 36 నెలల తర్వాత డబ్బు వస్తుంది.»

4. లేని గడువు తీసేసి, ఉన్న గడువు చెప్పండి

పాలసీ 3 రోజుల తర్వాత కూడా దొరుకుతుందంటే «ఇంకా 3 రోజులే» అన్నది కట్టుకథ. నిజంగా ఉన్న గడువు పెద్దలకు మేలు చేసేదే: పాలసీ కాగితం చేతికొచ్చాక 30 రోజుల్లోపు నచ్చకపోతే వెనక్కి ఇవ్వవచ్చు. అప్పటిదాకా అయిన రక్షణ ఖర్చు, వైద్య పరీక్షల ఖర్చు వంటివి మినహాయించుకుని మిగతా ప్రీమియం తిరిగిస్తారు. దీన్ని పెద్ద అక్షరాల్లో పెట్టండి.

ప్రీమియం గురించి «ఎప్పటికీ పెరగదు» అని రాయకండి, పెరుగుతుంది. 2025 జనవరి నుంచి, అరవై దాటినవారికి ఏడాదిలో 10 శాతానికి మించి పెంచాలంటే కంపెనీ ముందుగా బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐని సంప్రదించాలి. పాత కరపత్రంలో «జీఎస్టీ అదనం» అని ఉంటే అదీ తీసేయండి. వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ లేదు.

5. పిలుపు, అక్షరాలు

«అవ్వా, తాతా» అన్న పిలుపు మనవడి నోట బాగుంటుంది, కంపెనీ కాగితం మీద బాగుండదు. «మీరు» చాలు. పెద్దలకు అమ్ముతూ «మీ అమ్మానాన్నలకు కొనివ్వండి» అని వాళ్ల తల మీదుగా మాట్లాడకండి. నిర్ణయం వాళ్లది. షరతులను చుక్క గుర్తు పెట్టి కిందికి నెట్టకుండా, లాభం రాసిన సైజులోనే, 14 పాయింట్లకు తగ్గకుండా రాయండి.

ఆరోగ్యశ్రీ మాటా రాయాలి. 2023 డిసెంబర్ నుంచి దాని పరిమితి 10 లక్షలు. ఆ కార్డు ఉన్నవారు తమకు కావాల్సిన చికిత్స అందులో ఉందో లేదో ముందు చూసుకోవాలని చెప్తే కొన్ని పాలసీలు అమ్ముడుపోకపోవచ్చు. అయినా అది రాయాల్సిన వాక్యమే.

అన్నీ కలిపితే ఇలా వస్తుంది:

«అరవై దాటినవారి కోసం 5 లక్షల ఆరోగ్య పాలసీ. మొదటి 30 రోజులు ప్రమాదాలకే వర్తిస్తుంది. మోకాలి మార్పిడి, శుక్లం ఆపరేషన్లకు 24 నెలలు, ముందునుంచీ ఉన్న జబ్బులకు 36 నెలలు ఆగాలి. ప్రతి క్లెయిమ్‌లో 20 శాతం మీరు కట్టాలి: 1,60,000కు 32,000. వాడే మందులన్నీ ఫారంలో రాయించండి. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే ముందు అందులో ఏముందో చూసుకోండి. ఇంట్లోవాళ్లతో మాట్లాడుకుని నిదానంగా చెప్పండి. తీసుకున్నాక కూడా 30 రోజుల్లో వెనక్కి ఇవ్వవచ్చు.»

6. అచ్చుకు ముందు

అరవై అయిదు దాటినవాళ్లు ముగ్గురికి, మీ కంపెనీతో సంబంధం లేనివాళ్లకు, ఇచ్చి చదవనివ్వండి. కాగితం తిరిగి తీసుకుని మూడు ప్రశ్నలు అడగండి: మోకాలి ఆపరేషన్‌కు ఎప్పటినుంచి డబ్బు వస్తుంది? లక్ష బిల్లయితే మీరెంత కట్టాలి? నచ్చకపోతే ఏం చేయవచ్చు? ఇద్దరు ఒకే చోట తడబడితే తప్పు ఆ వాక్యానిదే, దాన్ని రెండుగా విరవండి. ఎక్కువగా తడబడేది 24, 36 నెలల దగ్గర. అప్పుడు «రెండేళ్లు», «మూడేళ్లు» అని మార్చి మళ్లీ అడగండి.

ఏజెంటు అయితే, తిరగరాసిన కరపత్రాన్ని కంపెనీకి పంపి, రాతపూర్వకంగా ఆమోదం వచ్చాకే పంచాలి. వాట్సాప్ మెసేజ్‌కూ ఇదే నియమం.